నెల రోజులూ ఒకే వాకిలి

ప్రశ్న: మాది తెనాలి. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్‌ని. ఫోటోలు తీయడమంటే చాలా ఇష్టం. చేతిలో ఉన్నది నాలుగేళ్ల నాటి ఫోను. నెల రోజుల చాలెంజ్ అని ఇంటర్నెట్‌లో ఒక లిస్టు చూసి మొదలుపెట్టాను. రోజుకో పదం ఇస్తారు: 'ప్రతిబింబం', 'ఒంటరితనం', 'వేగం' ఇలా. తొమ్మిదో రోజుకి ఆపేశాను. పొద్దున ముగ్గు దగ్గర్నించి టిఫిన్ బాక్సుల దాకా అత్తయ్యా నేనూ పరుగులే. ఎనిమిదింటికల్లా బస్సు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి చీకటి పడిపోతుంది. డిసెంబర్‌లో మళ్లీ మొదలుపెడదామని ఉంది. కాస్త కష్టమైనదే కావాలి, కానీ ఊళ్లు తిరిగే వీలు లేదు. ఏ థీమ్ తీసుకోను? ఫోటోలు తీయనా, బొమ్మలు వేయనా? కొత్త ఫోన్ కొనాలా?
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందు ఆ లిస్టు సంగతి చెబుతాను. రోజుకో పదం అనే పద్ధతి బొమ్మలు వేసేవాళ్లకు బాగా కుదురుతుంది. 2009లో జేక్ పార్కర్ అనే అమెరికన్ చిత్రకారుడు అక్టోబర్ నెలంతా రోజుకో ఇంకు బొమ్మ వేయాలని తనకు తాను ఒక నియమం పెట్టుకున్నారు. అదే ఇంక్‌టోబర్ పేరుతో ప్రపంచమంతా పాకింది. 2016 నుంచి దానికి రోజుకో పదంతో లిస్టు కూడా వస్తోంది. 'వేగం' అన్నారనుకోండి, బొమ్మ వేసే మనిషి వంటింట్లో కూర్చునే ఒక గుర్రాన్ని గీసేస్తాడు. కెమెరా పట్టుకున్న మనిషికి మాత్రం ఆ గుర్రం కళ్లెదుట ఉండాలి. అంటే పదాల లిస్టుతో ఫోటోలు తీసేవాళ్లకు రోజూ పొద్దున్నే వేట మళ్లీ మొదటికొస్తుంది. బస్సు టైముతో పరుగు పెట్టే మీలాంటివారు తొమ్మిది రోజులు లాగారంటే ఎక్కువే.

నెల రోజులు నిలిచే ఫోటో థీమ్‌కి నా లెక్కలో ఉండాల్సినవి రెండే. అది రోజూ మీరు ఉన్నచోటే దొరకాలి. మీరేమీ చేయకపోయినా అది తనంతట తాను మారుతూ ఉండాలి. ఫ్రాన్స్‌లో క్లాడ్ మోనే అనే చిత్రకారుడు 1892, 1893 సంవత్సరాల్లో రువాన్ నగరంలోని పెద్ద చర్చి ముఖభాగాన్ని ముప్ఫైకి పైగా చిత్రాలుగా వేశారు. ఎదురుగా ఉన్న భవనాల్లో చోటు చూసుకుని, వెలుగు మారగానే ఒక కాన్వాసు పక్కన పెట్టి ఇంకోటి అందుకునేవారు. కట్టడం కదలదు, పొగమంచూ ఎండా మారతాయి. ఆ చిత్రాలు పక్కపక్కన పెడితే చూసేవాళ్లకు చర్చి కన్నా ముందు రోజులో మారే వేళలు కనబడతాయి.

మీకు అలాంటిది మీ వాకిట్లోనే ఉంది. డిసెంబర్ 16 ప్రాంతంలో నెలగంట పెడతారు, ధనుర్మాసం మొదలవుతుంది. అక్కడి నుంచి భోగి దాకా రోజూ కళ్లాపి, రోజూ ముగ్గు. 16 నుంచి లెక్కపెడితే జనవరి 14కి సరిగ్గా ముప్ఫై రోజులు. మొదలూ చివరా క్యాలెండరే పెట్టింది, మధ్యలో జారిపోకుండా ఇల్లంతా కాపలా ఉంటుంది. పొద్దున వేసినది సాయంత్రానికి చెరిగిపోతుంది, మర్నాడు కొత్తది వస్తుంది. కాబట్టి థీమ్: మీ వాకిట్లో ముగ్గు. వీధిలో అందరి ముగ్గులూ వద్దు, మీ ఇంటిది ఒక్కటే. మీరు కష్టమైనది కావాలన్నారు కదా, కష్టం అక్కడే ఉంది.

రోజుకి రెండు ఫోటోలు తీయండి. ఒకటి కట్టుబడి తీసేది, ఒకటి మీ ఇష్టానికి తీసేది.

కట్టుబడి తీసేది ముప్ఫై రోజులూ ఒకే చోట నిలబడి, ఒకే ఎత్తులో, ఒకే టైముకి తీయాలి. గేటు స్తంభం పక్కనో, అరుగు మీదో ఒక చోటు ఎంచుకోండి. కాలి బొటనవేలు ఎక్కడ ఆనాలో గోళ్ల రంగుతో నేల మీద చిన్న చుక్క పెట్టండి. ముగ్గు పిండితో పెడితే మర్నాటికి చీపురుకి పోతుంది. ఫోన్‌ని గేటు మీద ఏ కమ్మీకి ఆనిస్తారో అది కూడా గుర్తు పెట్టుకోండి. ఫ్రేములో గడప, మెట్టు, ముగ్గు పడే చోటు, ఒక వారగా కొంచెం రోడ్డు ఉండాలి. రోడ్డు ఎందుకంటే పాలబ్బాయి సైకిలూ, కుక్కా, హరిదాసూ, గంగిరెద్దూ వచ్చేది అటునుంచే. మీరు పిలవకుండానే వాళ్లు కొన్ని రోజులు ఫ్రేములోకి వస్తారు. కెమెరాలో గ్రిడ్ లైన్లు ఆన్ చేసి, కింది గీతకు గడప అంచు కలిసేలా పెడితే రోజూ ఒకేలా వస్తుంది. ఈ ఫోటోకి పట్టేది ఒక్క నిమిషం. అందంగా రావాలని ఆరాటపడకండి, ఒకేలా రావడం ముఖ్యం.

టైము సంగతికి వస్తే మీ వాకిలి ఏ దిక్కో రాయలేదు, అది చాలా ముఖ్యం. తెనాలిలో డిసెంబర్ మధ్యలో సూర్యోదయం సుమారు ఆరున్నరకి. సంక్రాంతికి ఆరూ నలభై అవుతుంది. పగలు పెరగడం మొదలైనా తెల్లారడం మాత్రం ఇంకా వెనక్కే జరుగుతుందన్నమాట. ఈ నెలలో సూర్యుడు సరిగ్గా తూర్పున కాకుండా బాగా ఆగ్నేయానికి జరిగి ఉదయిస్తాడు. అందుకని దక్షిణం వాకిలి అయితే ఎండ పక్కనుంచి, నేల బారుగా ముగ్గు మీదికి వస్తుంది. ముగ్గు ఫోటోకి ఇంతకన్నా మంచి వెలుగు లేదు. ప్రతి పిండి గీతకీ ఒక సన్నని నీడ పడి, గీత నేల మీద లేచి నిలబడినట్టు కనిపిస్తుంది. ఏడుంపావు ప్రాంతంలో గొబ్బెమ్మ నీడ దాని ఎత్తుకు ఆరు నుంచి ఎనిమిది రెట్లు సాగుతుంది. తూర్పు వాకిలికి కూడా ఎండ వస్తుంది కానీ ఎదురింటి డాబా అడ్డం ఉంటే ఏడున్నర దాకా ఆగాలి. ఉత్తరం, పడమర వాకిళ్లయితే పొద్దున మీ ఇంటి నీడే ముగ్గును కప్పేస్తుంది. అలాంటి చోట గీతల నీడలు రావు. బదులుగా రంగులు చక్కగా, మెత్తగా వస్తాయి. కాబట్టి నెల మొదలయ్యే ముందు ఒక ఆదివారం ఆరున్నర నుంచి ఏడుమ్ముప్పావు దాకా పావుగంటకోసారి వాకిట్లోకి తొంగిచూసి, మీకు నచ్చిన వెలుగు ఏ టైముకి పడుతుందో రాసుకోండి. ఆ టైమే ముప్ఫై రోజులకీ ఖాయం. మీ బస్సును బట్టి ఏడూ పది అనుకుందాం.

ఇష్టానికి తీసే రెండో ఫోటో ఆ పొద్దున ఎప్పుడైనా తీయొచ్చు. దీనికి పది నిమిషాలు చాలు. నియమం ఒకటే: ముగ్గుకి సంబంధించినదై ఉండాలి, నిన్నటి ఫోటోలా ఉండకూడదు. అసలు పరీక్ష ఇక్కడే. ఒక పొద్దున ఇది ఎలా సాగుతుందో చెబుతాను.

అయిదూ యాభై. ఇంకా చీకటే. అత్తయ్యగారు కళ్లాపి చల్లి, చుక్కలు పెట్టడం మొదలుపెట్టారు. ముందుగా వరండా లైటు ఆపండి. తెల్లవారే ముందు ఆకాశపు వెలుగు నీలంగా ఉంటుంది, బల్బు వెలుగు పచ్చగా పడుతుంది. రెండూ కలిస్తే ముగ్గు సగం నీలం, సగం పసుపు అవుతుంది, ఫోన్ ఎటూ సర్దలేదు. లైటు ఆపితే నేలంతా ఒకే నీలి ఛాయలో ఉంటుంది, దాని మీద తెల్లటి చుక్కలు చాలా బాగుంటాయి. ఆ వెలుతురులో ఫోన్ షట్టర్‌ని నెమ్మది చేస్తుంది కాబట్టి కదిలే చెయ్యి చెదిరిపోతుంది. అలాగని ఫ్లాష్ వేయకండి, తడి నేల అద్దంలా మెరిసి అన్నిటినీ మింగేస్తుంది. దానికి బదులు చేతి కదలికను గమనించండి. ముగ్గు పెట్టే చెయ్యి ఒకే వేగంతో పోదు. చూపుడువేలూ బొటనవేలూ కలిపి పిండి జారవిడుస్తూ పోయే చెయ్యి, మెలిక తిరిగేచోట, గీత వచ్చి గీతను కలిసేచోట ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగిన క్షణంలో నొక్కండి. మోచేతులు మోకాళ్లకి ఆనించి కూర్చుని తీస్తే మీ చెయ్యీ కదలదు. పది తీస్తే రెండు నిలుస్తాయి, అవి చాలు.

ఆరూ ఇరవై. వెలుగు వచ్చింది, ముగ్గు పూర్తయింది. ఇప్పుడు చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది: ఫోటోలో ముగ్గు మరీ తెల్లగా, గీతలు లావెక్కి, సున్నం ఒలికినట్టు వస్తుంది. కారణం ఇది. ఫ్రేములో ఎక్కువ భాగం తడిసిన నల్లటి నేల. కెమెరా ఆ నలుపును చూసి చీకటిగా ఉందనుకుని మొత్తాన్ని ప్రకాశవంతం చేసేస్తుంది. నేల బూడిద రంగుకి తిరుగుతుంది, తెలుపు కాలిపోతుంది. స్క్రీన్ మీద ముగ్గు గీతను ముట్టుకుని, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కిందికి జరపండి. మీ ఫోన్లో Pro మోడ్ ఉంటే EV దగ్గర -0.7 పెట్టి చూడండి. నేల మళ్లీ తడి నలుపులోకి వచ్చి, గీతలో పిండి రేణువులు విడివిడిగా కనిపించాలి. ఫోటో తీశాక రెండు వేళ్లతో పెద్దది చేసి చూస్తే తెలిసిపోతుంది: గీత లోపల ఏ వివరమూ లేకుండా తెల్లకాగితం ముక్కలా ఉంటే ఇంకొంచెం తగ్గించాలి. వాకిలి సిమెంటు చేసినదై, ఎండిపోయి తెల్లబారి ఉంటే ఇంత తగ్గించనక్కర్లేదు, సున్నా దగ్గరే సరిపోతుంది. గులాబీ, ఎరుపు రంగులు నింపిన రోజున కూడా ఇలాగే తగ్గించండి, ఫోన్లకి ఆ రెండు రంగుల్ని మండించే అలవాటు ఉంది.

పైనుంచి నిట్టనిలువునా ముగ్గు తీయాలనుకుంటే కొలత ముందే తెలుసుకోవాలి. మామూలు ఫోన్ కెమెరాని అయిదడుగుల ఎత్తులో నేలకి సమాంతరంగా పట్టుకుంటే సుమారు ఏడడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు నేల వస్తుంది. నాలుగడుగుల ముగ్గుకి అది సరిపోతుంది. అంతకన్నా పెద్దదైతే డాబా ఎక్కాలి. చోటు చాలడం లేదని 0.5x నొక్కితే అంచుల దగ్గర చుక్కల వరసలు సాగిపోయి, మీ అత్తయ్యగారు పొరపాటు పెట్టినట్టు కనిపిస్తుంది. ఎండ వచ్చాక అయితే సూర్యుడికి ఎదురుగా ఉన్న వైపు, అంటే ముగ్గుకి పడమటి పక్కన నిలబడండి. మీ నీడ వెనక్కి పోతుంది, ముగ్గు మీద పడదు.

ఏడూ పది. చుక్క మీద కాలు పెట్టి కట్టుబడి ఫోటో తీయండి. ఫోన్ లోపల పెట్టేసి టిఫిన్ బాక్సుల పనిలోకి వెళ్లండి.

మొదటి వారం ఇది ఉత్సాహంగానే సాగుతుంది. ఎనిమిదో రోజుకీ పన్నెండో రోజుకీ మధ్య ఇష్టపు ఫోటోలన్నీ ఒకేలా ఉన్నాయనిపిస్తుంది. నిజంగా ఉన్నాయో లేదో తేల్చుకోవడం తేలిక. ఆల్బమ్‌ను చిన్న చిన్న బొమ్మల వరసగా తెరిచి, కళ్లు సగం మూసి చూడండి. అన్నిట్లో తెలుపు మధ్యలోనే ఉండి, అన్నీ ఒకే దూరం నుంచి తీసినట్టుంటే నిజంగానే ఒకేలా ఉన్నట్టు. చాలామంది ఇక్కడే థీమ్ మార్చేస్తారు. పక్కింటి ముగ్గుకో, బజారుకో పోతారు. మీరు మార్చాల్సింది దూరం. నాలుగు రోజులు జానెడు దూరం దాటకూడదని పెట్టుకోండి. అంత దగ్గర్నించి చూస్తే ముగ్గు వేరే లోకం. బియ్యప్పిండి అయితే గీత మెత్తగా, అంచు పొగలా ఉంటుంది. రాతిపొడి ముగ్గయితే గరుకుగా, ఉప్పు కల్లులా మెరుస్తుంది. తడి నేల మీద పడ్డ రేణువులు అంటుకుపోతాయి, ఆరిన చోట పడ్డవి పక్కకి దొర్లుతాయి, కాబట్టి ఒకే గీతలో ఏ భాగం ముందు వేశారో, ఏది నేల ఆరాక వేశారో చెప్పేయొచ్చు. బియ్యప్పిండికి చీమలు వరస కడతాయి, పిచ్చుకలు ఉన్న వీధి అయితే అవీ దిగుతాయి. చాలా ఫోన్లలో ప్రధాన కెమెరా సుమారు పది సెంటీమీటర్ల కన్నా దగ్గరగా ఫోకస్ చేయలేదు. అంతకన్నా దగ్గరికి వెళ్తే మసకగా వస్తుంది. కొంచెం వెనక్కి జరిగి 2x పెట్టుకోవడం మంచిది.

ఆ నాలుగు రోజులయ్యాక ఇంకో నాలుగు రోజులు మనుషులకి కేటాయించండి, కానీ మొహాలు వద్దు. చేతులు, మడమలు, కొంగు దోపిన నడుము, పక్కన పెట్టిన ముగ్గు డబ్బా, గొబ్బెమ్మ మీద గుమ్మడి పువ్వు గుచ్చే వేళ్లు. మొహాలు వద్దనడానికి కారణం ఉంది. పొద్దున్నే నైటీలో, చెదిరిన జుట్టుతో ముగ్గు వేసుకునే మనిషిని ఫోటో తీయడం ఇంట్లోవాళ్లకే ఇబ్బందిగా ఉంటుంది. ఇక పొరుగింటివాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. పక్కింటి ముగ్గు ఎప్పుడైనా నేపథ్యంలో కావాల్సి వస్తే "పిన్నిగారూ, మీ ముగ్గు కూడా వస్తుంది, పర్లేదా?" అని ముందు అడగండి. తీశాక వాళ్లకో కాపీ పంపండి. అత్తయ్యగారిని కూడా అడగాల్సిందే, ఇంటి మనిషే కదా అనుకోవద్దు.

చివరి పది రోజులు ముగ్గు చెరిగిపోవడం మీద పెట్టండి. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. ముగ్గు పూర్తయినప్పటి అందం అందరికీ తెలుసు, చెరిగిపోయేటప్పటి అందం మీద ఎవరి చూపూ నిలవదు. స్కూటర్ చక్రం గీత మీదుగా వెళ్లినచోట పిండి చక్రానికంటి, కొంచెం అవతల మళ్లీ అచ్చుపడుతుంది. పిల్లల చెప్పు గుర్తులో మెలిక సగం ఉండి సగం పోతుంది. గాలికి రంగులు ఒక పక్కకి కొట్టుకుపోయి గీతకి తోకలు వస్తాయి. వీటికోసం మీరు ఏమీ ఏర్పాటు చేయకండి. చక్రం కావాలని స్కూటర్ తిప్పించుకుంటే ఫోటోలో తెలిసిపోతుంది. బస్సుకి బయల్దేరేముందు గడప దాటుతూ ఒకటి తీసుకున్నా సరే.

తప్పిపోయే రోజులు ఉంటాయి. ఒకరోజు జ్వరం, ఒకరోజు స్కూల్లో పరీక్షలు, ఒకరోజు వాయుగుండం. వానొచ్చి ముగ్గు కొట్టుకుపోతే అది తప్పిపోయిన రోజు కాదు. ఏడూ పదికి అదే చోటు నుంచి ఖాళీ వాకిలిని తీయండి, ముప్ఫై ఫోటోల వరసలో అందరూ ఆగి చూసేది దాన్నే. పొద్దున నిజంగానే తీయలేకపోతే మర్నాడు రెండు తీసి సరిపెట్టకండి, వరస అబద్ధమవుతుంది. ఆ రాత్రికి ఆ పొద్దుటి ముగ్గును గుర్తు తెచ్చుకుని నోట్‌బుక్‌లో వేయండి. బొమ్మలు వేయనా అన్న మీ ప్రశ్నకి నా జవాబు ఇదే: ఫోటో పోయిన రోజున బొమ్మ.

ఇది అంత తేలిక కాదు. ఉదాహరణకి ఏడు చుక్కలు, నాలుగు వరకు, సందు చుక్క అనుకోండి. వరసలు 4, 5, 6, 7, 6, 5, 4, మొత్తం 37 చుక్కలు. చుక్కలు పెట్టడం గుర్తుంటుంది, పువ్వు రేకులు ఏ చుక్క నుంచి ఏ చుక్కకి వెళ్లాయో మాత్రం కాగితం ముందు కూర్చున్నాకే తెలుస్తుంది. మీరు లెక్కల టీచర్ కాబట్టి మెలికల ముగ్గుల్లో మీకో కానుక ఉంది. చుక్కలు ఎదురు వరసల్లో దీర్ఘచతురస్రంగా పెట్టి, గీత చుక్కల మధ్యగా ఏటవాలుగా సాగుతూ అంచుల దగ్గర మాత్రమే వెనక్కి తిరిగేలా వేస్తే, ముగ్గులో ఎన్ని విడి గీతలు వస్తాయో ముందే చెప్పొచ్చు. వరసల సంఖ్యకీ, వరసలో చుక్కల సంఖ్యకీ గ.సా.భా. ఎంతో అన్ని గీతలు. 3, 4 అయితే గ.సా.భా. 1, చెయ్యి ఎత్తకుండా ఒకే గీతతో ముగ్గు పూర్తవుతుంది. 3, 3 అయితే మూడు గీతలు. 4, 6 అయితే రెండు. తప్పిపోయిన రోజు రాత్రి ఇలాంటిది ఒకటి వేసి, పక్కన తారీఖు రాసి, ఆ పేజీని ఫోటో తీసి వరసలో ఆ రోజు స్థానంలో పెట్టండి. మర్నాడు స్కూల్లో ఏడో తరగతికి కూడా పనికొస్తుంది.

భోగినాటికి పాలపొంగలి కుండల ముగ్గు వేస్తారు కదా, ముప్ఫైయ్యో ఫోటో దాదాపు అక్కడికి వస్తుంది. నా సలహా, అక్కడ ఆపకుండా కనుమ దాకా సాగించండి. కనుమనాడు రథం ముగ్గు వేసి, దాని తాడును గేటు దాటించి పక్కింటి రథానికి కలిపే అలవాటు మీ వీధిలో ఇంకా ఉంటే, నెలంతా మీ వాకిట్లోనే ఉన్న కెమెరా మొదటిసారి ఆ తాడు వెంట వీధిలోకి వెళ్లొచ్చు. అంతవరకూ బయటికి వెళ్లొద్దని నేను పట్టుబట్టింది ఆ ఒక్క ఫోటో కోసమే.

ఈ జవాబు చదివేవాళ్లలో వాకిలి లేని ఫ్లాట్లవాళ్లూ, వేరే దేశంలో ఉన్నవాళ్లూ ఉంటారు. వాళ్లు బొమ్మల వైపు రావడం మంచిది. ఒక కుండీలో గుప్పెడు మెంతులు చల్లి, రోజూ ఒకే టైముకి, ఒకే పెన్సిలుతో, మూడంగుళాల చదరంలో దాన్ని చూసి వేయండి. మూడు నాలుగు రోజులకి మొలక లేస్తుంది, తర్వాత మూడేసి ఆకులు విడతాయి, నెల తిరిగేసరికి కూరకి కోసుకోవచ్చు. చలిదేశంలో కిటికీ దగ్గర ఇంకొంచెం ఆలస్యమవుతుంది. మొదటి మూడు రోజులు మట్టి తప్ప ఏమీ ఉండదు, ఆ మట్టినే వేయాలి. రోజు వదలకూడదు, ఎందుకంటే మొక్క ఆగదు.

ఫోటోల భద్రత గురించి ఒక మాట. కట్టుబడి ఫోటోలకి ఒక ఆల్బమ్, ఇష్టపు ఫోటోలకి ఇంకోటి మొదటి రోజే చేసుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో చిక్కిపోతుంది, అసలైనది కావాలంటే Document కింద పంపాలి. నెల పూర్తయ్యాక ముప్ఫై కట్టుబడి ఫోటోల్ని అడ్డంగా అయిదు, నిలువుగా ఆరు చొప్పున పేర్చి 12x18 అంగుళాల ఒకే షీటు మీద ప్రింటు వేయించండి. ఆల్బమ్‌లు చేసే ఫోటో ల్యాబుల్లో ఆ సైజు దొరుకుతుంది. అందుకని మొదటి రోజు నుంచీ ఫోన్‌ని నిలువుగానే పట్టుకోండి. మధ్యలో అడ్డంగా తీసినవి ఈ షీటులో ఇమడవు.

ఇక కొత్త ఫోన్ కొనొద్దు. ఆ షీటులో ఒక్కో ఫోటో వెడల్పు రెండుంపావు అంగుళం. దానికి ఏడువందల పిక్సెళ్ల లోపే కావాలి. మీ పాత ఫోన్ దానికి నాలుగు రెట్లయినా ఇస్తుంది. ముగ్గు పిండీ, కళ్లాపి తడీ లెన్సు మీద పేరుకుని ఫోటోలన్నీ మసకబారుతుంటాయి. తీసే ముందు మెత్తటి నూలు గుడ్డతో తుడిస్తే చాలు, కొత్త ఫోన్ కొన్నంత తేడా కనిపిస్తుంది. డిసెంబర్ 14, 15 తేదీల్లో ఏడూ పదికి రెండు ఫోటోలు తీసి చూసుకోండి. పక్కపక్కన పెట్టినప్పుడు గడప రెండిట్లోనూ ఒకే చోట ఉంటే మీ చుక్క సరిపోయినట్టే. లేకపోతే చుక్క జరిపి, 16 నుంచి లెక్క మొదలుపెట్టండి.